30 రోజులు అడగకండి, పాత బిల్లు కడుతూ కొత్త సరుకు అడగండి

"ఎలక్ట్రికల్ షాపు పెడుతున్నాను. హోల్‌సేల్ వాళ్ళందరూ మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారు. కొత్త వ్యాపారం కాబట్టి చూపించుకోవడానికి పాత లావాదేవీలేమీ లేవు. 30 రోజుల గడువు ఎలా అడగాలి?"

అసలు 30 రోజులు అనే మాటే ఎత్తకండి. నేను ఎత్తి పరువు పోగొట్టుకున్నాను.

2019లో జనగామలో షాపు తెరవబోతూ హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో వైర్లు అమ్మే హోల్‌సేల్ సేటు దగ్గరికి వెళ్ళాను. చేతిలో ఒక ఫైలు. అందులో జీఎస్టీ సర్టిఫికెట్, షాపు అద్దె అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళాను. సేటు ఫైలు తెరవలేదు. జీఎస్టీ నంబరు చెప్పమని అడిగి కౌంటర్లో ఉన్న కుర్రాడికి అందించాడు. వాడు ఫోన్లో ఏదో కొట్టి చూసి "సేట్, రెండు నెలలు లేటుంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. జీఎస్టీ పోర్టల్లో Search Taxpayer అని ఉంటుంది, నంబరు కొడితే ఎవరు ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారో ఎవరైనా చూడొచ్చు. షాపు పని సాగుతుండగానే రిజిస్ట్రేషన్ తీసుకున్నాను, అమ్మకాలే లేవు కదా అని రిటర్న్‌లు వేయలేదు, తర్వాత ఎవరో చెబితే రెండు కలిపి ఆలస్యంగా వేశాను.

"సర్కారుకే టైముకి ఇవ్వలేదు, నాకేమిస్తావు?" అన్నాడు సేటు.

"అవి నిల్ రిటర్న్‌లండీ, కట్టాల్సిందేమీ లేదు."

"కట్టేది లేనప్పుడే లేటు చేసినవ్. కట్టేది ఉంటే?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కాబట్టి క్రెడిట్ హిస్టరీ లేదని మీరు అనుకుంటున్నారు గానీ, రిజిస్ట్రేషన్ వచ్చిన నెల నుంచే ఒకటి తయారవుతూ ఉంటుంది, మీ కంటే ముందు ఎదుటివాడు చూస్తాడు. అమ్మకాలు సున్నా అయినా తేదీ దాటనివ్వకండి.

ఆ తర్వాత సేటు ఒక మాట విడమర్చి చెప్పాడు. వైరు కాయిల్ మీద అతనికి మిగిలేది నూటికి రెండు మూడు రూపాయలట. రాగి ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో తెలియదు. నెల రోజులు డబ్బు నా దగ్గర ఉంటే ఆ లాభంలో సగం పైగా వడ్డీకే పోతుంది, పైగా నేను పారిపోతే 1 లక్ష రూపాయలు రాబట్టుకోవడానికి ఎన్ని కాయిళ్ళు అమ్మాలో లెక్క వేసి చూపించాడు. కోపం రాలేదు, నిజమే అనిపించింది. బయటికొచ్చి టీ తాగుతూ ఆలోచించి మళ్ళీ లోపలికి వెళ్ళి వేరేలా అడిగాను.

బిల్లు 1,00,000 అయింది. "80,000 ఇప్పుడే వేస్తాను. 20,000 ఉంచండి. మళ్ళీ రెండు వారాల్లో సరుక్కి వస్తాను, ఆ 20,000 పడ్డాకే కొత్త సరుకు లోడ్ చేయండి" అన్నాను. ఒప్పుకున్నాడు. ఎందుకంటే పోతే 20,000 పోతుంది, లక్ష కాదు. పైగా తాళం అతని చేతిలోనే ఉంది, పాతది కట్టకపోతే నా షాపులో వైరు ఉండదు. రెండోసారి బిల్లు 90,000. ముందు పాత 20,000 వేసి, కొత్త దాంట్లో 60,000 కట్టి, 30,000 ఉంచుకున్నాను. అలా ఆరో బిల్లుకి వచ్చేసరికి బిల్లు మొత్తం బాకీ ఉంచి తర్వాతి సరుకు రోజున కట్టేవాణ్ణి. బిల్ టు బిల్ అంటారు దీన్ని. నాకు సగటున 15 రోజులు దొరికాయి. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు.

ఇందులో కిటుకు ఒకటే, మీరు తప్పకుండా మళ్ళీ రావలసిన సరుకు మీదే ఇలా అడగాలి. వైరు, స్విచ్చులు, పైపులు లాంటివి. ఏడాదికోసారి కొనే వాటి మీద అడిగితే అతని చేతిలో తాళం ఉండదు కదా, ఇవ్వడు.

ఒకసారి సోమవారం కట్టాల్సిన దాంట్లో సగమే ఉంది. శనివారమే ఫోన్ చేసి చెప్పాను, సోమవారం సగం వేసి గురువారం మిగతాది వేశాను. సేటు ఏమీ అనలేదు, లిమిట్ కూడా తగ్గించలేదు. సోమవారం సాయంత్రం అతనే ఫోన్ చేసి అడిగేదాకా ఊరుకుని ఉంటే కథ వేరేలా ఉండేదని నా నమ్మకం.

ఇప్పుడు అసలు జాగ్రత్త. అదే వీధిలో ఫ్యాన్సీ లైట్ల ఆయన నన్ను పిలిచి కుర్చీ వేసి 60 రోజుల గడువు ఇచ్చాడు! నేనేదో గొప్ప బేరం చేశాననుకున్నాను. ఆ గోడ లైట్ల మీద అతనికి లాభం బాగా ఎక్కువ కాబట్టి ఆగగలడు. కానీ జనగామలో అవి నెలకి రెండు అమ్ముడైతే గొప్ప. వైరు 20 రోజుల్లో డబ్బవుతుంది, ఈ లైట్లు నాలుగు నెలలకి కూడా దుమ్ము పట్టుకుని అక్కడే. గడువు 60 రోజులే, సరుకు కదలడానికి 120 రోజులు పైనే, మరి ఆ బాకీ దేంతో కట్టాను? వైరు అమ్మిన డబ్బుతో. అంటే సేటు దగ్గర నా పేరు పాడు చేసుకుని లైట్ల ఆయన్ని పోషించాను. నెమ్మదిగా కదిలే సరుక్కి రోజులు అడగడం దండగ, "మూడు నెలల్లో అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుని వేరే మోడల్ ఇవ్వండి" అని అడగండి. పెట్టె చిరగకుండా ఉంటే చాలామంది ఒప్పుకుంటారు. ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

ఇంకోటి కూడా ఆ లైట్ల ఆయన దగ్గరే జరిగింది. "ఊరికే సెక్యూరిటీకి" అని సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చాను. ఆషాఢం, వానలు, ఇళ్ళ పనులు ఆగిపోయాయి, కట్టడం ఆలస్యమైంది. ఒక్క మాట చెప్పకుండా మొత్తం అంకె రాసుకుని బ్యాంకులో వేశాడు, బౌన్స్ అయింది, లాయరు నోటీసు వచ్చింది. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే సెక్షన్ 138 కింద కేసు వేయొచ్చు. నేను చిట్టీ పాడుకుని 12వ రోజు కట్టాను. సెక్యూరిటీకి ఇచ్చిన చెక్కు కదా అంటే చెల్లదు, ఆ రోజుకి మీరు నిజంగా అంత బాకీ ఉంటే అది మామూలు చెక్కే. చెక్కు ఇవ్వక తప్పకపోతే పేరు, అంకె మీరే రాయండి, లిమిట్‌కి మించి రాయకండి, చెక్కు నంబరుతో "సెక్యూరిటీగా తీసుకున్నాం" అని వాళ్ళ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. దాంతో కేసు ఆగిపోతుందని కాదు, లిమిట్ కంటే ఎక్కువ అంకె రాసుకోవడానికి వీలుండదు.

గడువు దొరికిందని సంబరపడే ముందు రేటు కూడా అడగండి. వారంలో కడితే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తాం, లేదా 30 రోజులు తీసుకోండి అంటారు. అంటే 23 రోజుల కోసం 98 రూపాయల మీద 2 రూపాయలు కడుతున్నారు, ఏడాదికి లెక్కేస్తే 32 శాతం దాటుతుంది. మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా ఏడాదికి 24 శాతమే.

ఇంత చేసీ నా 15 రోజులు ఎక్కడికి పోతున్నాయంటే, ఎలక్ట్రీషియన్లకి. "అన్నా, ఓనరు వడ్లు అమ్మినంక ఇస్తడు" అని కాయిళ్ళు ఉద్దెర తీసుకుపోతారు. సేటు నా జీఎస్టీ నంబరు కొట్టి చూశాడు, నేను వీళ్ళవి ఏం కొట్టి చూడను? ఆ గోడ లైట్లు ఇంకా మూడున్నాయి, కావాలంటే జనగామ వచ్చి తీసుకోండి, మీకు మాత్రం ఉద్దెర ఇస్తాను.