బిల్డర్ రెరాలో గడువు పొడిగించుకుంటే ఆలస్యానికి వడ్డీ రాదా?

ప్రశ్న: మా ఫ్లాట్ 2024 డిసెంబర్‌కి ఇస్తామని అగ్రిమెంట్‌లో రాశారు, 6 నెలల గ్రేస్ కూడా ఉంది. ఇంకా ఇవ్వలేదు. రెరాలో గడువు 2026 డిసెంబర్ వరకు పొడిగించుకున్నాం కాబట్టి ఆలస్యం లేనట్టే అంటున్నారు. కొత్త తేదీకి ఒప్పుకుంటూ లెటర్ మీద సంతకం పెడితే ఏడాది మెయింటెనెన్స్ ఫ్రీ అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు:

పెట్టకండి. బాచుపల్లి వైపు మేము కొన్న ఫ్లాట్ విషయంలో అచ్చం ఇలాంటి లెటరే మా చేతికీ వచ్చింది. సైట్ ఆఫీసులో టీ ఇచ్చి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చారు. రెండు పేజీల్లో అంతా మర్యాదగానే ఉంది. కింద చిన్న అక్షరాల్లో మాత్రం "సవరించిన తేదీకి సమ్మతిస్తున్నాను, ఆలస్యంపై ఎలాంటి క్లెయిమ్ చేయను" అన్న వాక్యం ఉంది. అది మా ఆవిడ కంట పడింది కాబట్టి, ఇంటికెళ్లి చదువుకుని ఇస్తామని చెప్పి బయటపడ్డాం. మాతోపాటు అదే లెటర్ మీద సంతకం పెట్టినవాళ్లు తర్వాత హియరింగ్‌లో ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పుకోలేక చాలా ఇబ్బంది పడ్డారు.

ఇక్కడ రెండు వేర్వేరు తేదీలున్నాయి. ప్రాజెక్టు రిజిస్టర్ చేసేటప్పుడు ఫలానా రోజుకి పూర్తి చేస్తానని బిల్డర్ రెరా అథారిటీకి రాసిచ్చేది ఒకటి. rera.telangana.gov.in లో P తో మొదలయ్యే ప్రాజెక్టు నంబర్ కొడితే కనిపించేది అదే. పొడిగించుకున్నది కూడా దాన్నే. మీకు, బిల్డర్‌కి మధ్య రిజిస్టర్ అయిన అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో ఉన్న తేదీ వేరు. 2016 రెరా చట్టంలోని 18వ సెక్షన్ ఆలస్యాన్ని కొలిచేది అగ్రిమెంట్ షరతుల ప్రకారమే. పొడిగింపు వల్ల బిల్డర్ రిజిస్ట్రేషన్ రద్దు కాకుండా నిలబడుతుంది, అంతే. మీకిచ్చిన మాట దానివల్ల మారదు. బాంబే హైకోర్టు 2017 డిసెంబర్‌లో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో ఇదే తేల్చింది. 2021 నవంబర్‌లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు, తేదీ దాటితే డబ్బు వాపసు అడగడానికి కొనుగోలుదారుకి ఉన్న హక్కు షరతుల్లేనిదని చెప్పింది. మీ అగ్రిమెంట్‌లో గ్రేస్ ఉంది కాబట్టి అది కలిపి 2025 జూన్ 30 వరకు వాళ్లకి టైమ్ ఇద్దాం. జూలై 1 నుంచి మీ మీటర్ తిరుగుతున్నట్టే.

ఎంత వస్తుందన్నది మా లెక్కతో చెప్తాను. మాది 1,400 చదరపు అడుగుల ఫ్లాట్. గ్రేస్‌తో కలిపి 2022 జూన్ 30కి ఇవ్వాలి, అప్పటికి మేము కట్టింది 60 లక్షలు. అగ్రిమెంట్‌లో ఆలస్యానికి నెలకి అడుగుకి 5 రూపాయలు అని రాసుకున్నారు, అంటే నెలకి 7,000. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ వచ్చి ఫ్లాట్ అప్పగించేసరికి 2023 ఆగస్టు ఆఖరు, అంటే 14 నెలలు. వాళ్ల లెక్కలో మొత్తం 98,000. అది ఇచ్చేసి చేతులు దులుపుకుందామనుకున్నారు.

తెలంగాణ రూల్స్ ప్రకారం వడ్డీ రేటు, అప్పులకి ఎస్‌బీఐ ప్రకటించే ఎంసీఎల్‌ఆర్ అనే ఆధార రేటులో గరిష్ఠానికి 2 శాతం కలిపి. అది మారుతుంటుంది, లెక్క తేలిక కోసం 11 శాతం అనుకుందాం. 60 లక్షల మీద ఏడాదికి 6.6 లక్షలు, నెలకి 55,000. 14 నెలలకి 7.7 లక్షలు. 98,000 ఎక్కడ, 7.7 లక్షలు ఎక్కడ! అగ్రిమెంట్‌లో 5 రూపాయలకి ఒప్పుకున్నారు కదా అని వాళ్ల లాయర్ వాదించారు. కానీ మేము వాయిదా ఆలస్యం చేస్తే మా మీద వేసే వడ్డీ, వాళ్లు ఆలస్యం చేస్తే మాకిచ్చే వడ్డీ ఒకే రేటులో ఉండాలని చట్టంలోని నిర్వచనమే చెప్తుంది. ఆ వాదన నిలబడలేదు.

ఫ్లాట్ ఆలస్యమైందని మీరు వాయిదాలు ఆపి ఉంటే మాత్రం జాగ్రత్త. కోపంతో డబ్బు ఆపేసినవాళ్ల మీద బిల్డర్ అదే రేటులో వడ్డీ లెక్కగట్టి ఎదురు క్లెయిమ్ వేస్తారు. మేము ప్రతి డిమాండ్‌కీ "ఆలస్యంపై నా హక్కు అలాగే ఉంచుకుని కడుతున్నాను" అని మెయిల్ పెట్టి మరీ కట్టాం.

ఇంకో మాయ కూడా ఉంది. ఓసీ రాకముందే "ఇంటీరియర్స్ చేయించుకోండి" అని తాళాలిచ్చి, పొసెషన్ తీసుకున్నట్టు కాగితం రాయించుకుంటారు. ఆ రోజుతో వడ్డీ ఆగిపోయిందంటారు. హెచ్‌ఎండీఏ గానీ జీహెచ్‌ఎంసీ గానీ ఇచ్చిన ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ చూడకుండా ఆ కాగితం మీద సంతకం వద్దు. ఓసీ వచ్చాక మాత్రం 2 నెలల్లో మీరు ఫ్లాట్ తీసుకోవాలి, అది మీ బాధ్యత.

ఫిర్యాదు సంగతి. నెలనెలా వడ్డీకి, లేదా ఫ్లాటే వద్దనుకుంటే వడ్డీతో సహా డబ్బు వాపసుకి, రెరా అథారిటీకి ఫామ్ ఎం వేయాలి. అద్దెలు, మానసిక క్షోభ లాంటి నష్టపరిహారానికి ఫామ్ ఎన్ వేరు, అది అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది. చాలామంది రెండూ ఒకే ఫిర్యాదులో కలిపేసి నెలలు పోగొట్టుకుంటారు. మేము ఫామ్ ఎం ఒక్కటే వేశాం. రిజిస్టర్డ్ అగ్రిమెంట్, ప్రతి పేమెంట్ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, బిల్డర్ మెయిల్స్, తేదీలవారీగా ఒక పేజీ లెక్క జతచేశాం. హియరింగ్‌లో ఎక్కువగా చూసింది ఆ ఒక్క పేజీనే.

బిల్డర్లు లేబర్ కొరత, ఇసుక కొరత అన్నీ చెప్తారు. యుద్ధం, వరద, తుఫాను, భూకంపం, అగ్నిప్రమాదం లాంటివాటినే చట్టం ఫోర్స్ మేజర్‌గా, అంటే బిల్డర్ చేతిలో లేని విపత్తుగా చూస్తుంది. ఇసుక రేటు పెరగడం ఆ లిస్టులో లేదు.

ఆర్డర్ వచ్చిన రోజే డబ్బు రాదు, దానికి సిద్ధపడండి. మా బిల్డర్ అప్పీల్‌కి వెళ్తామని బెదిరించారు. అయితే కొనుగోలుదారుకి ఇవ్వాల్సిన మొత్తాన్ని వడ్డీతో సహా ముందే ట్రిబ్యునల్‌లో డిపాజిట్ చేస్తే తప్ప బిల్డర్ అప్పీల్ విచారణకి రాదు. అది వాళ్ల లాయర్ చెప్పాక రాజీకొచ్చారు. మేము ఇవ్వాల్సిన ఆఖరి 8 లక్షల డిమాండ్‌లో వడ్డీ మొత్తం సర్దేశారు. ఇవ్వకుండా మొండికేస్తే, రెవెన్యూ బకాయిల్లా వసూలు చేయించమని అథారిటీని అడిగే దారి కూడా ఉంది.

ఇక మీ లెటర్. ఊరికే పక్కన పడేయకండి, మెయిల్‌లో రాతపూర్వకంగా జవాబివ్వండి. మేము పంపింది ఇంతే: "అగ్రిమెంట్ ప్రకారం గడువు గ్రేస్‌తో కలిపి ఫలానా తేదీకి ముగిసింది. సవరించిన తేదీకి మా సమ్మతి లేదు. సెక్షన్ 18 ప్రకారం ఆ తేదీ నుంచి ఓసీతో ఫ్లాట్ అప్పగించే వరకు నెలనెలా వడ్డీ చెల్లించగలరు." మీ తేదీ 2025 జూన్ 30 అని మార్చి, ఈ రోజే పంపండి.