మానేయండి, కానీ తేదీ చూసుకుని

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో ఒక రుణ యాప్ సంస్థలో, వసూళ్ల విభాగంలో చేస్తున్నాను. బాకీదారులను భయపెట్టే మెసేజ్‌లు రాసేది నేనే. రేపే మానేయాలని ఉంది. ఇంటి రుణం వాయిదా 42,000, ఇంటి ఖర్చు 48,000. నా భార్య టీచరు, జీతం 35,000. చేతిలో మూడు లక్షలున్నాయి. చేరి నాలుగేళ్ల ఏడు నెలలైంది, మూల వేతనం 60,000. మధుమేహం ఉన్న నాన్నగారు కంపెనీ బీమాలోనే ఉన్నారు.

జవాబు: రేపు మానేస్తే మీకు నెలకు 55,000 తక్కువ పడుతుంది. మూడు లక్షలు అయిదు నెలలకు మించి రావు. అయితే ఇంకో అయిదు నెలలు ఆగితే అయిదేళ్లు నిండి గ్రాట్యుటీ వస్తుంది. మూల వేతనాన్ని 26తో భాగించి, 15తో, ఆపైన సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీకు సుమారు 1,73,000. అంటే మరో మూడు నెలల లోటు తీరినట్టే.

నోటీసు కాలమూ సర్వీసే కదా అని రాజీనామా ముందే ఇచ్చేయకండి. వసూళ్ల విభాగాల్లో కాగితం అందిన రోజే కంప్యూటర్ తాళం వేసి పంపేసేవాళ్లున్నారు. ముందుగా విడుదల చేసే హక్కు కంపెనీకి ఉందేమో నియామక పత్రంలో చూడండి. ఉంటే, అయిదేళ్లు నిండిన మర్నాడే రాజీనామా ఇవ్వండి.

నాకు ఎక్కువ భయం నాన్నగారి బీమా గురించే. మామూలుగా మీ చివరి పనిరోజుతో అది ఆగిపోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే మధుమేహానికి మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు చేయండి. గ్రూపు పాలసీలో గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటామని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వైద్య పరీక్షలు అడగవచ్చు, ప్రీమియం కూడా బరువే. ఆ మొత్తాన్ని నెల ఖర్చులో ఇప్పుడే కలుపుకోండి.

మరి ఈ అయిదు నెలలూ ఆ మెసేజ్‌లు రాస్తూనే ఉండాలా? అక్కర్లేదు. బాకీదారును బెదిరించడం, బంధువులకు ఫోన్ చేసి పరువు తీయడం, ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలుకు ఫోన్ చేయడం రిజర్వు బ్యాంకు నిషేధించిన పనులే. అలాంటిది రాయమంటే, ‘ఇది నిబంధనలకు లోబడి ఉందో లేదో న్యాయ విభాగం చెప్పాలి’ అని మెయిల్‌లో అడగండి, నోటితో వద్దు. ఆ తర్వాత వాళ్లే మిమ్మల్ని వేరే పనికి మార్చినా ఆశ్చర్యం లేదు. మారిస్తే మంచిదే, వెళ్లండి. కోపంతో ఖాతాదారుల వివరాలు మాత్రం మీ సొంత ఫోనులోకి ఎక్కించుకోవద్దు, కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

వెతుకులాట ఈ వారమే మొదలుపెట్టండి. అప్పు ఎవరు తీర్చలేరో మీకు బాగా తెలుసు. బ్యాంకుల్లో రుణ అర్హత చూసే విభాగాలకు కావలసింది అదే. జీతం కొంత తగ్గవచ్చు. ఎంత తగ్గినా ఫరవాలేదో మీ ఆవిడతో కూర్చుని ముందే ఒక అంకె రాసుకోండి.