ఆఫీసు ఔట్‌లుక్‌లో తెరిచి చూశాకే సిగ్నేచర్ పంపండి

ప్రశ్న: నేను మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో డిజైనర్ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఒక కంపెనీ టెస్టుగా ఈమెయిల్ సిగ్నేచర్ చేయమంది. నా జీమెయిల్‌లో చక్కగా ఉంది, వాళ్ళ దగ్గర మాత్రం లోగో తెరంతా వచ్చిందట. మళ్ళీ పంపమన్నారు. ఈసారి సరిగ్గా ఉందని ముందే ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీ లోగో ఫైలు బహుశా 600 పిక్సెళ్ళ వెడల్పుది. దాన్ని 150కి తగ్గించమని స్టైల్‌లో రాసి ఉంటారు. జీమెయిల్ ఆ మాట వింటుంది. విండోస్‌లో వాడే పాత ఔట్‌లుక్ వినదు. 2007 వెర్షన్ నుంచి అది మెయిల్‌ను వర్డ్ ఇంజిన్‌తోనే చూపిస్తోంది, అందుకే బొమ్మను అసలు సైజులో పెట్టేస్తుంది. కొలతను స్టైల్‌లో కాకుండా ట్యాగ్‌లోనే ఇవ్వండి:

```
<img src="https://example.com/logo.png"
 width="150" height="50" alt="Company name">
```

ఫైలు మాత్రం 300 × 100 పిక్సెళ్ళు ఉండనివ్వండి. ఫోన్ తెర మీద మసక రాదు.

ఇక పరీక్ష. కంపోజ్ విండోలో చూసి తృప్తి పడకండి, పంపిన మెయిల్‌ను అవతల తెరిచి చూడాలి. పీజీలో మీ పక్క గదివాళ్ళ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాత ఔట్‌లుక్ ఉందేమో అడగండి. కొత్త ఔట్‌లుక్ వెబ్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి అందులో తప్పు బయటపడదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. తర్వాత ఆండ్రాయిడ్ జీమెయిల్‌లో, ఐఫోన్ మెయిల్‌లో చూడండి. ఫోన్‌లో పక్కకి జరిపితే తప్ప కనిపించని భాగం ఉందంటే సిగ్నేచర్ వెడల్పు ఎక్కువైనట్టే. డార్క్ మోడ్ కూడా పెట్టి చూడండి. వెనక రంగు లేని నల్ల లోగో అందులో మాయమైపోతుంది.

లింకులను చూసి వదిలేయకుండా బొటనవేలితో నొక్కండి. పక్కపక్కనే ఇరికించిన ఐకాన్లలో ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. అడ్రసు ముందు `https://` లేకపోతే కొన్నిచోట్ల లింకు పనిచేయదు. ఔట్‌లుక్ బొమ్మలను ఆపేసినప్పుడు `alt`లో రాసింది మాత్రమే కనిపిస్తుంది. అందుకని వెబ్‌సైట్ అడ్రసు అక్షరాల్లో కూడా ఉండాలి.

ఖాళీల విషయంలో, పేరుకీ హోదాకీ మధ్య ఒక్కసారిగా పెద్ద సందు వచ్చిందంటే అక్కడ ఎంటర్ కొట్టి కొత్త పేరా తెరిచారన్నమాట. `<br>` వాడండి. లోగోకీ అక్షరాలకీ మధ్య దూరం టేబుల్ గడికి `padding` ఇచ్చి తెచ్చుకోండి, ఔట్‌లుక్ దాన్ని మన్నిస్తుంది. చివరగా అదే మెయిల్‌కి అటూఇటూ రెండుసార్లు రిప్లై కొట్టించి, సందులు పెరిగాయేమో చూడండి.

అన్ని యాప్‌లలో అచ్చు ఒకేలా రాదు, ఫాంటు కొంచెం మారుతుంది. అది తప్పు కాదు. లోగో సైజు, వరుస, లింకులు నిలబడితే చాలు. ఈసారి ఫైలుతో పాటు పాత ఔట్‌లుక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ స్క్రీన్‌షాట్లు మూడూ జతచేసి, మొదటిసారి లోగో ఎందుకు పెరిగిందో రెండు వాక్యాల్లో రాయండి.