అబ్బాయి అంగుళం తక్కువైతే ఈడూజోడూ కుదరదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 28. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. మూడేళ్లుగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అబ్బాయి నాకన్నా కనీసం నాలుగంగుళాలు ఎక్కువ ఉండాలని అమ్మానాన్నల పట్టు. నాకు నచ్చిన అబ్బాయి 5 అడుగుల 5 అంగుళాలే. పిల్లలు పొట్టివాళ్లవుతారని, జంట బాగుండదని అమ్మ ఒప్పుకోవడం లేదు. అతనేమో ఎత్తు పెరిగే చికిత్స చేయించుకోనా అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందుగా పిల్లల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అమ్మగారి అభ్యంతరాల్లో లెక్క కట్టి తేల్చగలిగినది అదే. పిల్లల ఎదుగుదలను అంచనా వేయడానికి హార్మోన్ల వైద్యులం రోజూ వాడే పద్ధతి ఒకటుంది. తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు సెంటీమీటర్లలో కలిపి, మగపిల్లాడికైతే దానికి 13 కలుపుతాము, ఆడపిల్లకైతే 13 తీసేస్తాము, వచ్చినదాన్ని సగం చేస్తాము. మీరు 168, అతను 165 అనుకుంటే కొడుకు ఎత్తు 173 దగ్గర, అంటే 5 అడుగుల 8 అంగుళాల దగ్గర తేలుతుంది. కూతురి ఎత్తు 160 వస్తుంది. ఇది అంచనా మాత్రమే, నిజంగా పెరిగే ఎత్తు దీనికి ఎనిమిది సెంటీమీటర్లు అటూఇటుగా ఉండటం మామూలే.

ఇప్పుడు మీ బంధువులందరూ చూడముచ్చటగా ఉందనే ఒక జంటను ఊహించుకోండి: అబ్బాయి 5 అడుగుల 10 అంగుళాలు, అమ్మాయి 5 అడుగులు. అంటే 178, 152. అదే లెక్క కడితే వాళ్ల కొడుక్కి వచ్చే ఎత్తు 171.5 సెంటీమీటర్లు, మీ కొడుక్కి వచ్చినదానికన్నా కొంచెం తక్కువే. పిల్లల ఎత్తులో తల్లి వాటా తండ్రి వాటాతో సమానమన్నది మన ఇళ్లలో తరచూ మరిచిపోతారు. నిజమే, 5 అడుగుల 10 అంగుళాల అబ్బాయిని మీరు చేసుకుంటే కొడుకు అంచనా 179 దాటుతుంది, ఆ ఆరేడు సెంటీమీటర్ల తేడా లేదని నేను చెప్పను. కానీ మన దేశంలో పురుషుల సగటు ఎత్తు సుమారు 165, స్త్రీల సగటు 152–153. మీ పిల్లలకు పొట్టితనం వస్తుందన్న భయానికి ఈ అంకెల్లో ఆధారం దొరకదు.

ఇక జంట బాగుండదన్న మాట. భర్త భార్యకన్నా పొడుగ్గా ఉండటం ప్రకృతి నియమంలా మనకు కనిపించడానికి ఒక సాదా కారణం ఉంది: మగవారి సగటు ఎత్తు ఆడవారి సగటుకన్నా 12, 13 సెంటీమీటర్లు ఎక్కువ. వందమంది అబ్బాయిల పేర్లూ వందమంది అమ్మాయిల పేర్లూ చీటీలు రాసి, ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా కళ్లు మూసుకుని జతలు కలిపినా సుమారు తొంభై జంటల్లో అబ్బాయే పొడుగ్గా ఉంటాడు. కాబట్టి కల్యాణ మండపంలో పది పెళ్లిళ్లు చూసి తొమ్మిదింటిలో వరుడే పొడుగు అని తేల్చుకున్నంత మాత్రాన, అది మనుషులు ఎంచుకున్నందువల్లనే జరిగిందని చెప్పలేము. ఎంపిక ప్రభావం ఎంతో తెలియాలంటే, చీటీల లెక్కకూ అసలు జంటల లెక్కకూ మధ్య తేడా చూడాలి.

ఆ తేడాను కొలిచినవారు ఉన్నారు. 1980లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం 720 జంటలను పరిశీలించి, భార్య పొడుగ్గా ఉన్న జంట ఒక్కటంటే ఒక్కటే దొరికిందని చెప్పడంతో, ఇది దాదాపు తప్పని నియమమన్న అభిప్రాయం చాలాకాలం నిలిచిపోయింది. అయితే బ్రిటన్‌లో పదివేలకు పైగా దంపతుల వివరాలతో 2013లో వెలువడిన అధ్యయనంలో భర్త పొడుగ్గా ఉన్న జంటలు 92.5 శాతం. యాదృచ్ఛికంగా జతలు కలిపితే రావలసినది 89.8 శాతం. అంటే ఇంతమంది ఇష్టాయిష్టాలూ కలిసి మార్చింది వందకు మూడు జంటలకన్నా తక్కువ. టాంజానియాలో వేట మీద, అడవి దుంపల మీద బతికే హడ్జా ప్రజల్లోనైతే ఆ కాస్త తేడా కూడా కనిపించలేదు. అక్కడ సుమారు 8 శాతం జంటల్లో భార్యే పొడుగు, యాదృచ్ఛికంగా వచ్చేదీ దాదాపు అంతే.

ఎత్తు మీద ఇష్టమే లేదని దీనికి అర్థం కాదు. కొన్ని నిమిషాల చొప్పున వరుసగా చాలామందిని కలిసి నచ్చినవారిని చెప్పే స్పీడ్ డేటింగ్ కార్యక్రమాల్లో, ఉత్తర అమెరికాలో వేలమంది ఎంపికలను విశ్లేషించినప్పుడు, స్త్రీలు తమకన్నా 25 సెంటీమీటర్లు పొడుగున్న వారిని ఎక్కువగా ఎంచుకున్నారు. పురుషులు తమకన్నా 7 సెంటీమీటర్లు మాత్రమే తక్కువున్న వారిని కోరుకున్నారు. ఇద్దరి ఇష్టమూ కలిసిన జంటల్లో తేడా ఎక్కువగా 19 సెంటీమీటర్ల దగ్గర పడింది, అంటే ఇద్దరికీ తాము కోరుకున్నది పూర్తిగా దక్కలేదు. తొలిచూపులో ఇష్టం ఇంత స్పష్టంగా ఉన్నా, కాపురాల లెక్కలోకి వచ్చేసరికి అది చాలావరకు పలచబడుతుంది, ఎందుకంటే అప్పటికి ఉద్యోగం, మాటతీరు, కుటుంబం, అన్నిటికన్నా మించి ఎదుటివారి ఇష్టం కూడా లెక్కలోకి వస్తాయి.

మీ విషయంలో మాత్రం ఎత్తు ఇంత పెద్ద అడ్డుగోడ ఎందుకైందో వేరుగా చెప్పాలి, మూడేళ్లు గడిచిపోవడానికి అసలు కారణం అక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. ‘కనీసం నాలుగంగుళాలు’ అన్న షరతు అందరికీ ఒకే బరువు కాదు. సగటు ఎత్తున్న అమ్మాయి ఇంట్లో అదే షరతు పెడితే ఆమెకు దాదాపు 163 సెంటీమీటర్ల అబ్బాయి చాలు, వందమందిలో అరవైమందికి పైగా ఆ గీత దాటుతారు. మీకు అదే షరతు పెడితే 178 కావాలి. ఎత్తులు సగటు చుట్టూ ఎలా సర్దుకుంటాయో దాన్నిబట్టి లెక్కిస్తే ఆ గీత దాటేవారు వందకు ఇద్దరో ముగ్గురో. చదువుకున్న పట్టణ కుటుంబాల్లో ఈ సంఖ్య కొంత మెరుగ్గా ఉండవచ్చు, కానీ ఆ కొద్దిమందిలో మళ్లీ కులం, గోత్రం, జాతకం, జీతం, అమెరికా వీసా అని ఒక్కొక్క జల్లెడ పట్టుకుంటూ పోతే చేతిలో ఎవరు మిగులుతారు? మ్యాట్రిమొనీ సైట్లో ఎత్తు గడి నింపిన క్షణంలోనే ఈ కోత జరిగిపోతుంది. పెళ్లిచూపుల్లో ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఎవరికీ పట్టని రెండంగుళాలు, తెర మీద మాత్రం మనిషినే కనబడకుండా చేస్తాయి. ఇష్టం బలంగా పనిచేసే చోటు ఇదే: సగటు మనుషుల విషయంలో పెద్దగా కాదు, పొడవైన అమ్మాయిల, పొట్టి అబ్బాయిల విషయంలో మాత్రం చాలా గట్టిగా.

ఆ గడిలో రాసే అంకెలు కూడా నమ్మదగినవి కావు. కొంతకాలం కిందట ఒక జంట పెళ్లికి ముందు పరీక్షల కోసం నా దగ్గరకు వచ్చారు. బయోడేటాల ప్రకారం అబ్బాయి 5 అడుగుల 8 అంగుళాలు, అమ్మాయి 5 అడుగుల 5 అంగుళాలు. చెప్పులు విప్పించి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనేలా నిలబెట్టి, చూపు నేరుగా ఉంచి, తల మీదికి పలకను దించి కొలిస్తే అబ్బాయి 169 సెంటీమీటర్లు, అమ్మాయి 168. అబ్బాయి వైపువారు పైకి సర్దారు, అమ్మాయి వైపువారు కిందికి సర్దారు, మూడంగుళాల తేడా అనుకున్నది ఒక్క సెంటీమీటరుకు దిగింది. అప్పటికే వాళ్లిద్దరూ ఏడాదిగా కలిసి తిరుగుతున్నారు, ఎవరి కంటికీ ఏ లోటూ కనిపించలేదు. పైగా వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు పగలంతా నొక్కుకుపోవడం వల్ల ప్రతి మనిషీ ఉదయంకన్నా సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. మీ ఇద్దరి మధ్య ఉన్నది రెండున్నర సెంటీమీటర్ల తేడా. మీ ఇద్దరినీ ఒకే వేళ, ఒకే పరికరం మీద కొలిపించండి. ఆ తేడా కాగితం మీద ఉన్నంత ఉంటుందో లేదో చూడండి.

అతని చికిత్స ఆలోచన గురించి గట్టిగానే చెబుతున్నాను. ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లు మగపిల్లల్లో సాధారణంగా 18 ఏళ్ల ప్రాంతానికల్లా మూసుకుపోతాయి, ఆ తరువాత పొడులు, మాత్రలు, వేలాడే వ్యాయామాలు, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఏవీ ఎత్తు పెంచలేవు. ఆ వయసులో హార్మోన్ అవసరం లేకుండా తీసుకుంటే షుగర్, కీళ్ల నొప్పులు, చేతులూ కాళ్లూ ఉబ్బడం వంటివి రావచ్చు. నిజంగా ఎత్తు పెంచేది కాలి ఎముకను కోసి లోపలో బయటో పరికరం అమర్చి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున దూరం జరిపే శస్త్రచికిత్స ఒక్కటే. అయిదు సెంటీమీటర్లకు సాగదీయడానికే రెండు నెలలు పడుతుంది, కొత్త ఎముక గట్టిపడటానికి మరిన్ని నెలలు కావాలి. ఆ కాలంలో మడమ కిందికి ఆనకపోవడం, మోకాలు బిగుసుకుపోవడం, నరం లాగి పాదం తిమ్మిరెక్కడం, ఇన్ఫెక్షన్ రావడం, ఎముక అతుక్కోకపోవడం జరగవచ్చు. కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నవారికి, ఎముకల జబ్బులున్నవారికి చేసే ఈ శస్త్రచికిత్సను, ఆరోగ్యంగా నడుస్తున్న యువకుడికి అత్తగారి అభ్యంతరం తీర్చడానికి చేయించమని నేను ఎన్నడూ సలహా ఇవ్వను.

ఒక్క సంగతి మాత్రం అతన్ని అడిగి తెలుసుకోండి. ఈ ఆలోచన మీ ఇంట్లో కాదన్నాక వచ్చిందా, లేక ఎన్నో ఏళ్లుగా ఉందా? రోజులో చాలాసేపు ఎత్తు గురించే ఆలోచించడం, గ్రూప్ ఫొటోలకు దూరంగా ఉండటం, బూట్లలో ఎత్తు అట్టలు లేకుండా బయటికి రాలేకపోవడం ఉంటే, అది కొలత సమస్య కాదు, మనసుకు సంబంధించిన బాధ. దానికి మంచి చికిత్స ఉంది. నిమ్హాన్స్‌లో గానీ, దగ్గర్లోని సైకియాట్రిస్ట్ దగ్గర గానీ చూపించుకోమనండి.

అవేవీ లేకపోతే, ఒకరోజు మీ అమ్మగారిని కూర్చోబెట్టి, పైన చెప్పిన 13 లెక్కను ఆవిడ చేతనే కాగితం మీద కట్టించండి. ఆవిడ ఎత్తు, మీ నాన్నగారి ఎత్తు పెట్టి మీకు రావలసిన ఎత్తు ముందు చూడమనండి, మీరు దానికి ఎంత దూరంలో ఉన్నారో ఆవిడే చూస్తారు. ఆ తరువాత మీ ఇద్దరి ఎత్తులూ పెట్టి రెండో లెక్క కట్టమనండి.
– ఎండోక్రైనాలజిస్ట్, బెంగళూరు