డిజైనర్ రెజ్యూమె, పోర్ట్‌ఫోలియో లింకులు మన ప్రకటనకు సరిపోతాయో లేదో ఎలా తేల్చాలి?

ప్రశ్న: మాది అనంతపురంలో చిన్న కంపెనీ. ఎరువులు, విత్తనాల అంగళ్లకు బిల్లింగ్ యాప్ చేస్తాం. ఫిగ్మా, డిజైన్ సిస్టమ్ తెలిసి, మొబైల్ ప్రొడక్ట్‌లో రెండేళ్లు పనిచేసిన డిజైనర్ కావాలని ప్రకటన ఇచ్చాం. 40 రెజ్యూమెలు వచ్చాయి. ఏ లింకు తెరిచినా అందంగానే ఉంది. ఎవర్ని పిలవాలో తెలియడం లేదు. మాలో డిజైనర్ ఎవరూ లేరు.

జవాబు:

మీరు అడిగిన రెండు సంగతులూ ఒకేచోట కనిపించవు. ఫిగ్మా వచ్చో రాదో ఫైల్ లోపల తెలుస్తుంది. ప్రొడక్ట్‌లో పనిచేశారో లేదో రెజ్యూమెలోని తేదీల్లోనూ, యాప్‌లో అందంగా కనిపించని స్క్రీన్లలోనూ తెలుస్తుంది. పోర్ట్‌ఫోలియో మొదటి పేజీలో ఫోన్ బొమ్మ మధ్య మెరిసే స్క్రీన్ ఈ రెండింటిలో ఏదీ చెప్పదు.

ముందు తేదీలు చూడండి. ఒక రెజ్యూమెలో '2 సంవత్సరాల 4 నెలల అనుభవం' అని ఉందనుకుందాం. కింద వివరాల్లో 4 నెలల కోర్సు, కర్నూలులో ఒక యాడ్ ఏజెన్సీలో 14 నెలలు, తర్వాత ఒక యాప్ కంపెనీలో 10 నెలలు కనిపిస్తాయి. కూడితే 28 నెలలు సరిపోయాయి. కానీ ఏజెన్సీలో చేసింది ఫ్లెక్సీలు, బ్రోచర్లు, సోషల్ మీడియా పోస్టులైతే మీ లెక్కలోకి వచ్చేది 10 నెలలే. అది చూసి పక్కన పెట్టేయకండి. ఒకే యాప్ మీద 10 నెలలు కూర్చుని, వాడేవాళ్ల ఫిర్యాదులు విని, అదే స్క్రీన్‌ను మూడుసార్లు మార్చిన మనిషి, రెండేళ్లు వేర్వేరు క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసిన మనిషి కంటే మీకు ఎక్కువ పనికొస్తాడు. పక్కన పెట్టాల్సింది 28 అంకెను కాదు, అది దేనితో నిండిందో చెప్పని రెజ్యూమెను.

తర్వాత ప్రతి ప్రాజెక్టునూ రెజ్యూమెలోని ఒక ఉద్యోగానికి జత చేయండి. డిజైనర్లు తమ పని పెట్టుకునే బిహాన్స్ సైట్‌లో పేరున్న ఫుడ్ డెలివరీ యాప్‌కు 'రీడిజైన్' ఉండి, ఆ కంపెనీ పేరు రెజ్యూమెలో లేకపోతే అది సాధన కోసం చేసుకున్నది. సాధన తప్పు కాదు, అయితే ప్రొడక్ట్ అనుభవం కిందకు రాదు. నిజంగా విడుదలైన యాప్ అని చెప్తే ప్లే స్టోర్‌లో About this app తెరవండి. అక్కడ Released on తేదీ ఉంటుంది. అభ్యర్థి 2024 మార్చిలో చేరి, యాప్ 2021లోనే విడుదలై ఉంటే 'మొదటి నుంచీ నేనే డిజైన్ చేశాను' అన్న మాట నిలవదు. ఉన్న యాప్‌లో కొంత భాగం మార్చి ఉండొచ్చు. అదీ మంచి అనుభవమే కాబట్టి ఏ స్క్రీన్లు మార్చారో అడగండి. యాప్‌ను ఫోన్‌లో వేసుకుని పోల్చినప్పుడు తేడా కనిపించినా అబద్ధమని వెంటనే అనుకోవద్దు. డెవలపర్లు సమయం చాలక కొన్ని వదిలేస్తారు. ఏది వదిలేశారు, ఎందుకు అని అడిగితే, దగ్గరుండి పనిచేసినవాళ్లు తడుముకోకుండా చెప్తారు.

ఇక ఫిగ్మా ఫైల్. ప్రోటోటైప్ లింకు ఇస్తే స్క్రీన్లు మాత్రమే కదులుతాయి, లోపల ఏముందో కనిపించదు. చూసే అనుమతితో అసలు ఫైల్ లింకు అడగండి. ఎడమవైపు లేయర్ల వరుసలో అన్నీ Frame 1427, Rectangle 88 లాంటి పేర్లే ఉంటే, ఆ ఫైల్‌ను ఇంకొకరికి అప్పజెప్పే అలవాటు లేదని అర్థం. ఒక బటన్ మీద నొక్కండి. లేయర్ పక్కన ఊదారంగు డైమండ్ గుర్తు ఉంటే అది కాంపొనెంట్ నుంచి, అంటే ఒకసారి చేసి అన్ని స్క్రీన్లలో వాడుకునే అచ్చు నుంచి వచ్చింది. పది స్క్రీన్లలో పది బటన్లూ మామూలు ఫ్రేములే అయితే, అలాంటి కాంపొనెంట్లతో కట్టే 'డిజైన్ సిస్టమ్' తెలుసని రెజ్యూమెలో రాసిన మాటకు ఆధారం లేనట్టే.

కాంపొనెంట్లు ఉన్నా ఇంకో చిక్కుంది. ఉచితంగా దొరికే తయారు కిట్ తెచ్చుకుంటే వందల కాంపొనెంట్లు వచ్చి పడతాయి. అందుకే ఏ కిట్‌లోనూ దొరకనిదాని కోసం వెతకండి. బిల్లింగ్ యాప్‌లో అది రైతు అప్పు ఖాతా వరుస కావచ్చు, బస్తా ధర, జీఎస్‌టీ కలిసిన బిల్లు లైను కావచ్చు. అలాంటిది స్వయంగా కాంపొనెంట్ చేసి, దానికి 'బాకీ ఉంది', 'కట్టేశారు' లాంటి రూపాలు కూడా పెట్టి ఉంటే డిజైన్ సిస్టమ్ అంటే ఏమిటో తెలిసినవాళ్లే.

ప్రొడక్ట్‌లో పనిచేసినవాళ్ల ఫైల్‌లో అందంగా లేని స్క్రీన్లు కూడా ఉంటాయి. సరుకు సున్నా అయినప్పుడు, నెట్ పోయి బిల్లు సేవ్ కానప్పుడు, కొత్త అంగడిలో ఇంకా ఒక్క బిల్లూ లేనప్పుడు ఏం కనిపిస్తుందో వెతకండి. మొత్తాలు 125,000 అని ఉన్నాయా, 1,25,000 అని ఉన్నాయా చూడండి. రైతుల పేర్లన్నీ అయిదు అక్షరాలే ఉంటే నిజమైన డేటా పెట్టి చూడలేదన్నమాట. మీ యాప్ తెలుగులో కూడా ఉంటుంది కనుక ఒకటి గట్టిగా చెప్తాను: ఇంగ్లీషుకు సరిపోయే లైన్ ఎత్తు తెలుగుకు చాలదు, వత్తులు కింది గీతకు తగిలి తెగిపోతాయి. తెలుగు స్క్రీన్ ఒక్కటైనా ఉంటే అక్కడ 'విత్తనాలు', 'బత్తాయి' లాంటి మాటలు దగ్గరగా చూడండి.

కొన్ని లింకులు తెరుచుకోవు. డ్రైవ్‌లో అనుమతి అడిగితే ఒక మెయిల్ పంపి, ఒక రోజు ఆగండి. డిజైన్లు చూపడానికి వాడిన ఇన్‌విజన్ లింకులైతే తప్పు అభ్యర్థిది కాదు. ఆ సర్వీసే 2024 చివర్లో మూతపడింది. ఫిగ్మా బదులు అడోబీ ఎక్స్‌డీ రాసినవాళ్లనూ వెంటనే తీసేయకండి. కాంపొనెంట్లు, వాటి స్టేట్లు అందులో బాగా వాడినవాళ్లు ఫిగ్మాకు త్వరగానే అలవాటు పడతారు. కంపెనీ రహస్యం కాబట్టి ఫైల్ చూపలేమంటే బలవంతం చేయవద్దు. పేర్లు, అంకెలు కనబడకుండా చేసి, తన స్క్రీన్ షేర్ చేసి చూపమనండి.

ఇలా ఏడెనిమిది మంది మిగిలాక ఒక్కొక్కరితో 30 నిమిషాలు గూగుల్ మీట్‌లో మాట్లాడండి. మీ యాప్ పని ఉచితంగా చేయించుకోవద్దు. వాళ్ల ఫైల్‌నే తెరిచి, ఒక బటన్ మీద 'Save' తీసి 'వివరాలు సేవ్ చేయండి' అని రాయమనండి. ఆటో లేఅవుట్ పెట్టి ఉంటే మాటకు తగ్గట్టు బటన్ పెరుగుతుంది. లేకపోతే అక్షరాలు బయటికి పొర్లుతాయి. తర్వాత అసలు కాంపొనెంట్‌లో రంగు మార్చమనండి. మిగతా స్క్రీన్లలో అది మారకపోతే, ఎందుకు మారలేదో వాళ్లే కారణం కనిపెట్టగలరేమో చూడండి. చివరగా వెర్షన్ హిస్టరీ తెరవమనండి. ఉచిత ప్లాన్‌లో 30 రోజులదే కనిపిస్తుంది, కాబట్టి పాత ఫైల్‌లో ఖాళీగా ఉన్నా అనుమానపడొద్దు.

పైన చెప్పిన 28 నెలల అభ్యర్థి ఫైల్‌లో అప్పు ఖాతా కాంపొనెంట్ ఉండి, నెట్ పోయినప్పటి స్క్రీన్ కూడా ఉండి, బటన్ పొర్లినప్పుడు తనే సరిచేస్తే, ప్రకటనలో రెండేళ్లు అడిగినా నేనైతే ఆ మనిషినే ముందు పిలుస్తాను.