ఎన్నారై సందేహాలు: మొదటి క్లెయిమును దేనికి వాడాలి?

సందేహం: "మాది నరసన్నపేట. ఎం.ఎస్. చదువు కోసం ఆగస్టులో డల్లాస్ వచ్చాను. 1,100 డాలర్లు పెట్టి లాప్‌టాప్ కొన్నప్పుడు, ప్రమాదవశాత్తూ పాడైనా బాగుచేసి ఇస్తామని చెప్పి దుకాణంవారు 230 డాలర్లకు మూడేళ్ల ప్లాను కూడా ఇచ్చారు. నాన్నగారు అది దండగ, రద్దు చేయమంటున్నారు. గదిలో ఉన్న అమ్మాయిలు ఉంచుకోమంటున్నారు. ఏం చేయమంటారు?"

సమాధానం: అమ్మా, మీరు ప్లాను ధర రాశారు గాని, ఒక్కో క్లెయిముకు మీ చేతి నుంచి ఎంత కట్టాలో, ఏడాదికి ఎన్ని క్లెయిములు ఇస్తారో రాయలేదు. అడిగిన తరువాత పత్రం తీసి చూసి, డిడక్టిబుల్ 99 డాలర్లని, ఏడాదికి ఒక్క క్లెయిమేనని తెలియజేశారు. కొత్తగా వచ్చినవారందరూ ఈ రెండు అంకెలనూ చివరికే చూస్తారు. నేనూ అలాగే చేశాను, దాని వల్ల ఎంత పోయిందో ఈనాటికీ నా దగ్గర లెక్క ఉంది. నిబంధనలు మీ పత్రంలోనే ఉంటాయి కనుక వాటిని మీరే చదువుకోగలరు. ఆ నిబంధనలు జేబు మీద ఎలా పడతాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను విజయనగరం నుంచి 2010లో వచ్చాను. మరుసటి ఏడాది 650 డాలర్లకు లాప్‌టాప్ కొని, అది ఏమైనా కంపెనీయే చూసుకుంటుందన్న నమ్మకంతో 120 డాలర్ల ప్లాను తీసుకున్నాను. ఆరు నెలలకు కీబోర్డు మీద టీ ఒలికింది. దుకాణానికి తీసుకువెళితే, నేను కొన్నది పొడిగించిన వారంటీ మాత్రమేనని, యంత్రం తనంతట తాను చెడిపోతే బాగుచేస్తారు గాని, కింద పడినా, తడిసినా దానికి వర్తించదని చెప్పారు. పేర్లు ఒకేలా వినిపించినా ఇవి రెండు వేరు వేరు సరుకులు. పడటం, ఒలకడం వర్తించాలంటే పత్రంలో "యాక్సిడెంటల్ డ్యామేజ్ ఫ్రమ్ హ్యాండ్లింగ్" అన్న శీర్షిక ఉండాలి, దాని కింద ద్రవాలు ఒలకడం గురించి విడిగా రాసి ఉండాలి. మీ పత్రంలో ఆ రెండూ ఉన్నాయని పంపారు కనుక మీరు నా కంటే మెరుగైన చోటే ఉన్నారు.

నాకు అసలు పాఠం చెప్పింది మాత్రం ఫోను. 2012 జనవరిలో నెలకు 11 డాలర్ల బీమాతో ఒక ఫోను తీసుకున్నాను. ఏ నష్టానికైనా డిడక్టిబుల్ 150 డాలర్లు, పన్నెండు నెలల్లో రెండు క్లెయిములు అన్నది ఒప్పందం. మార్చి 9న బస్సు దిగుతుండగా ఫోను పడి తెర పగిలింది. నెలనెలా డబ్బు కడుతున్నాను గనుక క్లెయిము చేయడం నా హక్కని భావించి, బయట ఎంతవుతుందో కూడా అడగకుండా పత్రం నింపాను. తరువాత ఒక మరమ్మతు దుకాణంలో కనుక్కుంటే ఆ తెరకు 110 డాలర్లే అన్నారు. అంటే 110 డాలర్ల పనికి 150 చెల్లించాను. నవంబరులో కెమెరా మీది అద్దం పగిలింది. బయట 60 డాలర్ల పని. దానికీ క్లెయిమే చేసి, మరో 150 కట్టాను. నా ఫోనుకు బదులుగా, కొత్తది కాక, బాగుచేసిన పాత ఫోను ఒకటి పంపారు. ఒప్పందంలో అందుకు వీలుందని కూడా నేను చదవలేదు. పాడైన ఫోనును గడువులోగా తిరిగి పంపకపోతే దాని ధర కూడా బిల్లులో వేస్తారని తెలిసి, తపాలా కార్యాలయానికి పరుగెత్తాను.

2013 ఫిబ్రవరి 20న ఆ ఫోను నీటి తొట్టెలో పడి పూర్తిగా చచ్చిపోయింది. జనవరి వచ్చింది గనుక కొత్త ఏడాది మొదలైందని, రెండు క్లెయిములు మళ్లీ చేతిలోకి వచ్చాయని ధీమాగా ఫోను చేశాను. ఆ ఒప్పందంలో ఏడాది అంటే క్యాలెండరు ఏడాది కాదు, మొదటి క్లెయిము తేదీ నుంచి పన్నెండు నెలలు. మార్చి 9కి ఇంకా పదిహేడు రోజులు ఉన్నాయి. క్లెయిము తిరస్కరించారు, నేను 520 డాలర్లు పెట్టి వేరే ఫోను కొన్నాను.

ఇప్పుడు లెక్క చూడండి. పద్నాలుగు నెలల ప్రీమియం 154 డాలర్లు, రెండు డిడక్టిబుళ్లు 300, కొత్త ఫోను 520, మొత్తం 974 డాలర్లు నా చేతి నుంచి పోయాయి. బీమా అసలే తీసుకోకుండా ఉంటే తెరకు 110, కెమెరా అద్దానికి 60, కొత్త ఫోనుకు 520, మొత్తం 690 అయ్యేవి. బీమా ఉంచుకొని, చిన్నవి రెండూ బయట సొంత డబ్బుతో బాగుచేయించుకొని, నీటిలో పడినదానికి మాత్రమే క్లెయిము చేసి ఉంటే ప్రీమియం 154, మరమ్మతులు 170, డిడక్టిబుల్ 150, వెరసి 474 డాలర్లతో ముగిసేది. సరిగా వాడినదానికీ నేను వాడినదానికీ తేడా సరిగ్గా 500 డాలర్లు. డాలరు యాభై రూపాయల పైన ఉన్న రోజుల్లో, నెలకు ఇంటికి ఎంత పంపగలనా అని పొదుపు చేసుకుంటున్న నాకు అది ఇంచుమించు రెండు నెలల గది అద్దె.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పాటిస్తున్నాను. వస్తువు పాడైన వెంటనే ముందు బయట మరమ్మతు ధర కనుక్కుంటాను. ఆ ధర డిడక్టిబుల్‌కు దగ్గరగా ఉంటే క్లెయిము జోలికి పోను. కనీసం దానికి రెట్టింపు ఉంటేనే పత్రం నింపుతాను. ఏడాదికి ఒకటో రెండో దొరికే క్లెయిమును చిన్న పగులుకు ఖర్చు పెట్టేస్తే, పెద్ద నష్టం వచ్చిన రోజున చేతిలో ఏమీ మిగలదు. బయట చేయించేటప్పుడు కూడా, ఆ తయారీదారు గుర్తించిన దుకాణంలోనే చేయించాలి. ఈ మాట తెలియక నేను ఇంకోసారి నష్టపోయాను.

అది 2016 వేసవిలో విజయనగరం వచ్చినప్పటి సంగతి. అప్పటికి నా దగ్గర ప్రమాద నష్టానికి కూడా వర్తించే లాప్‌టాప్ ప్లాను ఉంది. రైల్వే స్టేషనులో దిగుతుండగా సంచి జారి పడి, తెర వెలగడం మానేసింది. నా ప్లానులో మరమ్మతు అమెరికాలోనే జరగాలని ఉంది. ఆఫీసు పని ఆగకూడదన్న కంగారులో మూడు లాంతర్ల దగ్గర ఒక దుకాణంలో విప్పించి, 7,500 రూపాయలకు తెర మార్పించుకున్నాను. ఆ కుర్రవాడు పని శుభ్రంగా చేశాడు, అందులో వంక పెట్టడానికి లేదు. తిరిగి వెళ్లిన నాలుగు నెలలకు లాప్‌టాప్ మళ్లీ పడి, బోర్డు దెబ్బతిన్నది. క్లెయిముకు పంపితే, లోపల బయటివారు వేసిన భాగం కనిపించిందని, అనధికార మరమ్మతు జరిగిన యంత్రానికి ప్లాను వర్తించదని తిప్పి పంపారు. ఆ పది రోజులూ బావగారి కంప్యూటరు అడిగి తీసుకొని, నాది విప్పకుండా తిరిగి తీసుకువెళ్లి ఉంటే ప్లాను బతికి ఉండేది. మీరు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు శ్రీకాకుళంలో ఎవరు ఎంత బాగా చేస్తారని చెప్పినా, ప్లాను నడుస్తున్నంత కాలం మూత విప్పనివ్వకండి.

ఇక మీ లాప్‌టాప్ సంగతి. తెర పగిలితే బయట 350 డాలర్లు అవుతుందని మీరే కనుక్కొని రాశారు, మంచి పని చేశారు. మూడేళ్లలో తెర ఒక్కసారి పగిలితే మీకు ప్లానుతో అయ్యేది 230, 99 కలిపి 329 డాలర్లు. మిగిలేది 21 డాలర్లు మాత్రమే. కాబట్టి తెర కోసమే అయితే మీ నాన్నగారి మాటే సరైనది. కాని కాఫీ ఒలికి బోర్డు పోతే, మరమ్మతు అడిగే ధర చాలాసార్లు కొత్త యంత్రం ధరకు దగ్గరగా వస్తుంది. అప్పుడు అదే 329 డాలర్లతో 1,100 డాలర్ల నష్టం తీరుతుంది. మీరు కొనుక్కున్నది ఈ రెండో సందర్భానికి రక్షణ.

మూడేళ్లకు మూడు క్లెయిములు వస్తాయని మాత్రం లెక్క వేసుకోకండి. మీ పత్రంలో "లిమిట్ ఆఫ్ లయబిలిటీ" అన్న చోట, మొత్తం మీద కంపెనీ భరించేది మీరు కొన్న ధర వరకేనని, యంత్రాన్ని మార్చి ఇస్తే ఒప్పందం అంతటితో పూర్తయినట్లేనని ఉంది. అంటే తొలి ఏడాదిలోనే బోర్డు పోయి కొత్తది ఇస్తే, మిగిలిన రెండేళ్లకు మీకు ప్లాను ఉండదు. ఏడాది ఏ తేదీ నుంచి మొదలవుతుందో కూడా ఈ వారమే అడిగి, జవాబును ఈమెయిలులో తెప్పించుకోండి. నోటిమాట క్లెయిము రోజున పనికి రాదు.

తిరస్కరణలకు ఒక కారణం, నష్టం ప్లాను మొదలుకాక ముందే ఉందన్న అనుమానం. అందుకని ఈ రోజే లాప్‌టాప్‌ను వెలుగులో పెట్టి, తెర వెలుగుతుండగా ఒకటి, మూలలవి నాలుగు, సీరియల్ నంబరు కనిపించేలా ఒకటి ఫొటోలు తీసి దాచుకోండి. గీతలు, రంగు పోవడం వంటివి పని చేయడానికి అడ్డు రానంత వరకు ఎవరూ బాగుచేయరు. పోగొట్టుకోవడం, దొంగతనం మీ ప్లానులో లేవు. బ్యాటరీ వాడకం వల్ల అరిగిపోవడం కూడా లేదు.

మీ చేతిలో ఇప్పుడు అత్యవసరానికి 1,100 డాలర్లు విడిగా ఉంటే, రద్దు చేయడమే నా సలహా. ఆ డబ్బు లేదని మీరే రాశారు గనుక ఈ ఏడాదికి ఉంచుకోండి. ఇలాంటి ప్లాన్లలో సాధారణంగా మొదటి 30 రోజుల్లో రద్దు చేస్తే పూర్తి సొమ్ము, ఆ తరువాత రద్దు చేస్తే మిగిలిన కాలానికి తగిన సొమ్ము, వాడుకున్న క్లెయిము ఖర్చు తీసివేసి, తిరిగి ఇస్తారు. మీ పత్రంలో ఈ నిబంధన ఉందో లేదో ముందుగా చూసుకోండి. ఉంటే, క్యాంపస్‌లో ఉద్యోగం దొరికి, నెలకు వంద డాలర్లు పక్కన పెడుతూ ఏడాది తిరిగేసరికి లాప్‌టాప్ ధర అంత కూడబెట్టినప్పుడు, క్లెయిము ఏదీ చేయకపోతే రెండేళ్ల భాగంగా సుమారు 153 డాలర్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ రద్దు తేదీని ఇప్పుడే ఫోను క్యాలెండరులో రాసుకొని, రసీదునూ ప్లాను పత్రాన్నీ నరసన్నపేటలో నాన్నగారికి కూడా పంపండి. ఆయన ఈ లెక్కను మీ కంటే జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటారు.