రాత్రిపూట రూటర్ ఆపితే మిగిలేదెంత, పాడయ్యేదేమిటి

ప్రశ్న: రాత్రి పడుకునేటప్పుడు వైఫై రూటర్ స్విచ్ ఆపేస్తే కరెంటు బిల్లు ఏమైనా తగ్గుతుందా? రోజూ ఆపి వేస్తుంటే రూటర్ త్వరగా పోతుందని మా మామయ్య అంటున్నారు. నిజమేనా?

మిగిలేది నెలకు రెండు యూనిట్లు. రోజూ ఆపి వేసినంత మాత్రాన రూటర్ పోదు. మీ మామయ్య గారు అన్నదాంట్లోనూ కొంత నిజం ఉంది, కాకపోతే తప్పు రూటర్‌ది కాదు, దాని అడాప్టర్‌ది. అది తర్వాత చెబుతాను.

ముందు కరెంటు లెక్క. అడాప్టర్ మీద 12V 1A అని ఉంటే అది పన్నెండు వాట్లు తాగుతోందని చాలామంది అనుకుంటారు. అది అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. ఇళ్లలో పెట్టే మామూలు ఫైబర్ బాక్సు, వైఫై కూడా అందులోనే ఉన్నది, ఆరు నుంచి పది వాట్ల మధ్య తీసుకుంటుంది. ఎనిమిది అనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే 64 వాట్ అవర్లు, ముప్పై రాత్రులకు 1.92 యూనిట్లు. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటిన ఇంట్లో 201 నుంచి 300 దాకా యూనిట్లు 7.70 చొప్పున పడతాయి కాబట్టి మిగిలేది పదిహేను రూపాయలు. ఆంధ్రలో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్ ఆరు రూపాయలు, అంటే పదకొండున్నర.

నా అంకె నమ్మక్కర్లేదు, మీ కరెంటు మీటరుతోనే కొలుచుకోవచ్చు. మీటరు మీద 3200 imp/kWh అని రాసి, పక్కన చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. యూనిట్‌కు 3200 సార్లు మెరుస్తుందని అర్థం. ఇంట్లో ఫ్రిజ్, మోటారు, ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆపి, ఒక్క సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో వేసి ఉంచండి. రూటర్ ఒక్కటే ఉంచి కొలవబోతే అంత చిన్న లోడును మీటరు సరిగ్గా పట్టుకోకపోవచ్చు, అందుకే ఫ్యాన్ తోడు ఉండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒక మెరుపు దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత పదో మెరుపుకి ఆపండి. 11250ని వచ్చిన సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఫ్యాన్ ఒక్కటే ఉన్నప్పుడు 161 సెకన్లు పట్టిందంటే 70 వాట్లు. రూటర్ కూడా వేశాక 144 సెకన్లు వస్తే 78 వాట్లు. తేడా ఎనిమిది, అదే మీ రూటర్. మీటరు మీద 1600 అని ఉంటే 11250 బదులు 22500 వాడండి. ఫ్యాన్ స్పీడు వోల్టేజీని బట్టి మారుతుంది కనుక రెండు కొలతలూ వెంటవెంటనే తీయాలి, రెండేసి సార్లు తీస్తే ఇంకా మంచిది.

ఈ రెండు యూనిట్లు నిజంగా విలువైనవయ్యే సందర్భం ఒకటుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లు 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 201 యూనిట్లకు మొదటి రెండు వందలు 5.10 చొప్పున, చివరిది 7.70, కలిపి వెయ్యి దాటుతుంది, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. ప్రతి నెలా 195, 198 దగ్గర ఆగే ఇల్లయితే రూటర్ కూడా ఆపండి, తప్పులేదు. మిగతా వాళ్లు పదిహేను రూపాయల కోసం రోజూ గుర్తుపెట్టుకుని ఆపాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

ఇక పాడవడం సంగతి. రూటర్ లోపలి చిప్పులకు రోజుకోసారి ఆగి మొదలవడం లెక్కలోకి రాదు. నిజానికి ఆపితే చల్లబడుతుంది, టీవీ వెనక ఇరుకులో పెట్టిన బాక్సుకు అది మేలే. అరిగిపోయేది అడాప్టర్‌లోని కెపాసిటర్లు. వేడికి వాటి లోపలి ద్రవం ఏళ్ల తరబడి మెల్లగా ఆరిపోతూ ఉంటుంది. అలా బలహీనపడ్డ అడాప్టర్ వెచ్చగా నడుస్తున్నంతకాలం ఎలాగోలా లాక్కొస్తుంది. ఒక రాత్రి పూర్తిగా ఆపి చల్లారనిస్తే పొద్దున స్విచ్ వేసినప్పుడు లేవలేదు. ఇంట్లోవాళ్లు "నిన్నటిదాకా బాగానే ఉంది, ఆపడం వల్లే పోయింది" అంటారు. మీ మామయ్య గారు చూసింది కూడా ఇదే అయ్యుంటుంది. అది అప్పటికే పోతూ ఉంది, ఆపడంతో బయటపడింది, అంతే. ఒక రోజు పెద్ద పవర్ కట్ వచ్చినా అలాగే జరిగేది.

ముందే కనిపెట్టడానికి గుర్తులున్నాయి. ఇంట్లో నలుగురూ ఒకేసారి వీడియోలు చూస్తున్నప్పుడు రూటర్ తనంతట తాను రీస్టార్ట్ అవడం, లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరి మళ్లీ వెలగడం, అడాప్టర్ నుంచి సన్నగా చీమల రొద లాంటి శబ్దం. మల్టీమీటరుతో చూసి 12 వోల్టులు వస్తున్నాయని ఊరుకోవద్దు. పిన్ను రూటర్ నుంచి పీకి కొలిస్తే అరిగిన అడాప్టర్ కూడా పన్నెండు చూపిస్తుంది, లోడు పడ్డాకే పడిపోతుంది. కాబట్టి వేరే అడాప్టర్ పెట్టి చూడటమే అసలు పరీక్ష. వోల్టేజీ కచ్చితంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, పిన్ను సైజూ, మధ్యలో ప్లస్ గుర్తూ కలవాలి. రెండు మూడు వందలతో పోయేదానికి, సర్వీసుకి వచ్చినవాళ్లు కొత్త బాక్సు అంటగట్టి రెండు వేలు అడగడం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆపడంలో హాని జరిగే పద్ధతులు రెండే. వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్‌ని టకటకా రెండు మూడుసార్లు నొక్కడం, లేదా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మధ్యలో ఆపడం. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు అప్‌డేట్లు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే పంపుతాయి. రోజూ రాత్రి ఆపే ఇంట్లో అది పొద్దున స్విచ్ వేయగానే మొదలవ్వొచ్చు. అందుకని వేశాక PON లైటు మెరవడం ఆగి నిలకడగా వెలిగేదాకా, మామూలుగా రెండు మూడు నిమిషాలు, ఆగండి. ఎప్పుడైనా పది నిమిషాలు పట్టినా, రావట్లేదని మళ్లీ ఆపి వేయకండి. ఫైబర్ మీద ల్యాండ్‌లైన్ ఉన్నా, సీసీ కెమెరాలు వైఫై మీద నడుస్తున్నా రాత్రి ఆపితే అవీ ఆగిపోతాయి.

బిల్లే బాధ అయితే రూటర్ వదిలేసి దాని పక్కనున్న సెట్ టాప్ బాక్సు చూడండి. రిమోట్‌తో ఆపినా చాలా బాక్సులు లోపల దాదాపు మునుపటిలాగే నడుస్తుంటాయి. పైన చెప్పిన పద్ధతిలోనే రిమోట్‌తో ఆపిన బాక్సును కొలవండి. పది వాట్లు వచ్చిందనుకుంటే, టీవీ రోజుకు నాలుగు గంటలు చూసే ఇంట్లో మిగతా ఇరవై గంటలకు 200 వాట్ అవర్లు, నెలకు ఆరు యూనిట్లు. రాత్రి రూటర్ ఆపి మిగిల్చేదానికి మూడింతలు. దాన్ని గోడ స్విచ్ దగ్గరే ఆపండి, మళ్లీ వేసినప్పుడు చానెళ్లు రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది.